మూటలో రెండు రాత్రులు

మే నెలలో భిలాయిలోని కోహ్కాలో పెసలు మొలకెత్తడానికి పెద్దగా సమయం పట్టదు. రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వంపి, పలచని గుడ్డలో మూటకట్టి కొక్కేనికి తగిలిస్తే సాయంత్రానికే తెల్లటి ముక్కులు బయటికొస్తాయి. మర్నాటి పొద్దుటికి అర అంగుళం తోకలు తయారు. అదే జనవరిలో మూటని పొయ్యి పక్కన పెట్టినా రెండో రోజుకి గానీ చలనం ఉండదు. భిలాయి ఎండలు పగలు 44, 45 డిగ్రీలకి చేరే రోజుల్లో ఇంటి లోపల 33, 34 దగ్గర ఉంటుంది. గింజకి అంతకన్నా మంచి వాతావరణం ఏముంటుంది? తడి, వెచ్చదనం, చీకటి. పెసలకి ఇవి ఎంత నప్పుతాయో, వాటి పొట్టు మీద దాగి ఉండే కొన్ని సూక్ష్మక్రిములకీ అంతే నప్పుతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టిన నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ మొదటి తరం వాళ్లు రిటైరయ్యారు. పొద్దున్నే నడకకి వెళతారు. పార్కు గేటు దగ్గర బండి మీద హిందీలో ‘అంకురిత్’ అని పిలిచే మొలకలు అమ్ముతారు. పెసలు, నల్ల శనగలు కలిపి, పైన ఉల్లిపాయ, టమాటా, ఖీరా ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి దొన్నెలో పెట్టి ఇస్తారు. షుగరుందని, బీపీ ఉందని, గుండెకి మంచిదని ఎవరో చెప్పారని తినేవాళ్లే అందులో ఎక్కువ. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలికి కూడా బలమని అదే పెడతారు. పచ్చి మొలకల వల్ల ఎక్కువ ప్రమాదం ఎవరికయ్యా అని వైద్యులు చెప్పే జాబితాలో ఉండేది కూడా సరిగ్గా వీళ్లే: ముసలివాళ్లు, గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు.

ఇది అనవసర భయమేమో అనుకునేవాళ్ల కోసం మెంతుల కథ ఒకటి చెప్పాలి.

2011 మే నెలలో ఉత్తర జర్మనీ ఆసుపత్రులకి నెత్తుటి విరేచనాలతో జనం రావడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే వాళ్లలో చాలామందికి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. మామూలుగా ఇలాంటి జబ్బు చిన్నపిల్లల్లో ఎక్కువ. ఇక్కడ మాత్రం వచ్చినవాళ్లు పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. పరీక్షల్లో ఈకోలై జాతిలోని ఓ104 అనే రకం బయటపడింది. పేగు గోడకి గట్టిగా అంటుకునే గుణం, షిగా అనే విషాన్ని తయారు చేసే గుణం, రెండూ ఒకే క్రిమిలో కలిసి వచ్చాయి. ఆ విషం నెత్తుట్లోకి చేరి మూత్రపిండాల్లోని సన్నటి రక్తనాళాలని దెబ్బతీస్తుంది. ఆ వేసవి ముగిసేసరికి 3,800 మందికి పైగా జబ్బు పడ్డారు. 800 మందికి పైగా మూత్రపిండాల దాకా వచ్చింది. 50 మందికి పైగా చనిపోయారు.

తిన్నదేమిటని అడిగితే రోగులు టమాటా, ఖీరా, పచ్చి ఆకులు అని చెప్పారు. మే చివర్లో హాంబర్గ్ అధికారులు స్పెయిన్ ఖీరా మీద అనుమానం ప్రకటించారు. ఐరోపా అంతా స్పెయిన్ కూరగాయలు కొనడం మానేసింది, రైతులు పండించినవి పారబోసుకున్నారు. తీరా చూస్తే ఆ ఖీరాల మీద ఉన్న క్రిమి వేరే రకం.

అసలు దొంగ దొరికిన పద్ధతి చాలా తెలివైనది. ల్యూబెక్ నగరంలో ఒకే రెస్టారెంటులో తిని జబ్బు పడిన బృందాలు కొన్ని కనిపించాయి. పరిశోధకులు ఈసారి రోగులని ఏం తిన్నారని అడగలేదు, ఏ వంటకం తెప్పించుకున్నారని అడిగారు. బిల్లులు చూశారు, భోజనం దగ్గర తీసుకున్న ఫొటోలు చూశారు. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్లి, ఏ వంటకంలో ఏమేమి వేస్తారో వంటవాళ్ల దగ్గర రాసుకున్నారు. అలా లెక్కలోకి తీసుకున్న 152 మందిలో 31 మంది జబ్బు పడ్డారు. ఆ 31 మంది పళ్లేల్లోనూ మొలకలున్నాయి. పళ్లెం మీద అలంకారానికి చల్లే చిటికెడు మొలకల్ని ఎవరూ తిండిగా గుర్తుపెట్టుకోలేదు. అందుకే మొదట అడిగినప్పుడు అవి జాబితాలోకే రాలేదు.

మొలకల సరఫరా దారి పట్టుకుని వెళితే, బీనెన్‌బ్యూటెల్ అనే ఊళ్లోని ఒక మొలకల తోట దగ్గర తేలింది. జూన్ 10న ప్రభుత్వం మొలకలే కారణమని ప్రకటించింది. ఆ తోట సేంద్రియ తోట కావడం కొందరికి మింగుడుపడలేదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే జూన్ నెలలో ఫ్రాన్స్‌లో బోర్డో పక్కనున్న బెగ్లె అనే ఊళ్లో, పిల్లల కేంద్రంలో జరిగిన ఓ వేడుకకి వెళ్లిన కొందరికి ఇదే జబ్బు, ఇదే రకం క్రిమితో వచ్చింది. వాళ్లకి జర్మనీ తోటతో ఏ సంబంధమూ లేదు. వేడుక ఏర్పాటు చేసినవాళ్లు దుకాణంలో చిన్న విత్తనాల ప్యాకెట్లు కొనుక్కొచ్చి, సొంతంగా మొలకలు పెంచి, సూపు మీద చల్లి పెట్టారు. రెండు చోట్లా కలిసిన గింజ ఒక్కటే: మెంతులు. దస్తావేజులు తిరగేసిన ఐరోపా ఆహార భద్రతా సంస్థ, 2009 చివర్లో ఈజిప్టు నుంచి ఓడలో వచ్చిన ఒకే లాటు మెంతుల దగ్గర ఆ రెండు దారులూ కలుస్తున్నాయని 2011 జులై 5న చెప్పింది. ఆ గింజల్ని ఎన్ని సార్లు పరీక్షించినా ఆ క్రిమి మాత్రం దొరకలేదు. వేల కిలోల్లో ఎక్కడో కొన్ని గింజలకే అంటుకుని ఉంటే, పిడికెడు నమూనాలో అది పడకపోవడం వింతేం కాదు.

నేను ఈ కథలో రెండు సంగతులు పట్టుకున్నాను. గింజలు ఏడాదిన్నర పాటు ఎండుగా గోదాముల్లో, ప్యాకెట్లలో ఉన్నా క్రిమి చావలేదు. ఇక ‘ఇంట్లో మన చేత్తో పెంచుకున్నవి, వాటికేం’ అనే ధీమా బెగ్లెలో పనికిరాలేదు. మురికి బండి మీదో, అమ్మేవాడి చేతిలోనో ఉంటే ఇంటి మొలకలు మనల్ని కాపాడేవి. అది గింజతోపాటే ఇంటికొచ్చింది.

గింజ మీదికి క్రిమి ఎలా చేరుతుంది? పెసర చేను కోసి, కళ్లంలోనో రోడ్డు మీదో ఆరబెట్టి, నూర్చి, బస్తాలకెత్తే దాకా మన దగ్గర అది నేల మీదే ఉంటుంది. పశువులు తొక్కుతాయి, పచ్చిపేడ ఎరువు తగులుతుంది, పిట్టలు వాలతాయి, గోదాములో ఎలుకలు తిరుగుతాయి. పప్పుగా ఉడికించుకునే సరుకుకి ఇవేవీ లెక్కలోకి రావు, కుక్కర్ వాటి సంగతి చూసుకుంటుంది. మొలకల కోసం కొనే పెసలు కూడా అదే బస్తాలోవి. నూర్పిడిలో నెర్రెలిచ్చిన పొట్టు సందుల్లో సాల్మొనెల్లా, ఈకోలై లాంటివి నెలల తరబడి ఎండిపోయి, కదలకుండా, చావకుండా ఉండిపోగలవు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. పావుకిలో పెసలున్నాయి. మొత్తం మీద పది సాల్మొనెల్లా క్రిములే ఉన్నాయనుకుందాం. అంత తక్కువైతే పప్పుగా వండకుండా అలాగే నమిలినా చాలామందికి ఏమీ కాదు. ఆ పెసల్ని నానబోశాం. గింజ ఉబ్బింది, పొట్టు చిట్లింది, లోపలి చక్కెరలు, అమైనో ఆమ్లాలు బయటికి ఊరాయి. ఆకలితో ఎండిపోయి ఉన్న క్రిమికి ఇప్పుడు తిండి, నీళ్లు, వెచ్చదనం ఒక్కసారే అందాయి. పులుపు లేదు, ఉప్పు లేదు, అడ్డమేమీ లేదు. అనువైన వేడిలో ఈ క్రిములు అరగంటకోసారి కూడా రెట్టింపు కాగలవు. మనం నిదానంగా గంటకోసారి అనే అనుకుందాం. పది గంటలకి పది కాస్తా పది వేలు. ఇరవై గంటలకి కోటి. అక్కడి నుంచి తిండికి పోటీ పెరిగి వేగం తగ్గుతుంది. అందుకే మొలకల్లో క్రిముల పెరుగుదల చాలా వరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. పావుకిలో పెసలు అరకిలో మొలకలయ్యాయి. వంద గ్రాముల గిన్నెలో ఇరవై లక్షలు.

ఇక కడగడం. మా వీధిలో ఒక వదిన ఈ విషయంలో చాలా పట్టింపు మనిషి. ‘మూడు సార్లు కడుగుతానండీ, చివర్న ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లలో కూడా ముంచుతాను. ఇంకేం మిగుల్తుంది?’ అంటుంది. ఆమె వంటగది చూస్తే ఎవరైనా అక్కడ ధైర్యంగా తింటారు. కానీ ధార కింద కడిగితే క్రిముల్లో నూటికి తొంభై, మహా అయితే తొంభై తొమ్మిది పోతాయి. ఇరవై లక్షల్లో తొంభై తొమ్మిది శాతం పోతే మిగిలేవి ఇరవై వేలు. తొంభై శాతమే పోతే రెండు లక్షలు. మొలక వేరు మీది సన్నటి నూగులో, చిట్లిన పొట్టు అంచుల్లో అవి బంకలాగా అంటుకుని ఉంటాయి. కొన్ని లేత కణజాలం లోపలికి కూడా దూరతాయి. షిగా విషం చేసే ఈకోలై రకాల్లో కొన్నిటికి వంద క్రిములు లోపలికి వెళ్లినా జబ్బు చేయడానికి సరిపోతుంది.

ఉప్పు, పసుపు, వెనిగర్, నిమ్మరసం సంగతి అడగక్కర్లేదు. అమెరికాలో మొలకలు పెంచి అమ్మేవాళ్లకి 1999లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ చెప్పిన ఉదాహరణ చూడండి: గింజల్ని మొలకెత్తించక ముందే, లీటరుకి 20,000 మిల్లీగ్రాముల కాల్షియం హైపోక్లోరైట్ ఉన్న నీళ్లలో శుద్ధి చేయాలి. మన కుళాయి నీళ్లలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు. అంటే దానికి పదివేల రెట్లకి పైగా ఘాటు. అంత ఘాటు మందు తర్వాత కూడా అక్కడ మొలకల వల్ల జబ్బులు రావడం ఆగలేదు. 1996 నుంచి 2016 దాకా 46 సార్లు నమోదయ్యాయి. క్లోరిన్ తగిలిన చోటే పనిచేస్తుంది, సందులో ఉన్నదాన్ని ముట్టుకోలేదు. అందుకే ఆ తర్వాతి నిబంధనల్లో, మొలకల మీంచి కారిపోయే నీళ్లని దాదాపు 48 గంటల వయసులో పట్టి ప్రయోగశాలకి పంపమన్నారు. ఆ నీళ్లు మొత్తం మొలకల్ని తడుపుకుంటూ వస్తాయి కాబట్టి, ఎక్కడో ఒక మూలనున్న క్రిమి కూడా అందులో దొరికే అవకాశం ఎక్కువ. అలాంటి పరీక్ష ఇంట్లో చేయలేం. ముక్కుతో పట్టేయొచ్చనుకుంటే అదీ కుదరదు. పుల్లటి వాసన, జిగురు, నాచు పట్టినట్టు గోధుమ రంగు తిరగడం, ఇవన్నీ పాడుచేసే వేరే క్రిముల పనులు. అవి కనిపిస్తే పారేయాల్సిందే. సాల్మొనెల్లా మాత్రం వాసన పెట్టదు, రంగు మార్చదు. కరకరలాడే తాజా మొలకల్లో కూడా కోటి ఉండొచ్చు.

ఇవన్నీ చేయలేనిది వేడి చేస్తుంది, అదీ రెండు మూడు నిమిషాల్లో. లోపలి దాకా 75 డిగ్రీలు దాటితే ఈ క్రిములు బతకవు. మన వాళ్ల గుగ్గిళ్లు ఉన్నది ఇందుకే అనిపిస్తుంది నాకు. మొలకలు తినడం మానమని ఎవరూ అనడం లేదు, తినే తీరు మార్చుకోవాలంతే.

పెసలు కొనేటప్పుడు తినడానికి అమ్మే కిరాణా సరుకే కొనాలి. విత్తనాల దుకాణంలో చేనులో చల్లడానికి అమ్మేవి మొలకలకి వాడకూడదు. వాటికి తెగులు మందు పట్టించి ఉంటుంది, గుర్తుగా గులాబీ రంగో మరో రంగో వేస్తారు. తెచ్చినవి పళ్లెంలో పోసి విరిగినవి, పుచ్చినవి, నెర్రెలిచ్చినవి ఏరేయాలి, నానబోశాక పైకి తేలిన వాటిని తీసేయాలి. తాగే నీళ్లతోనే నానబోయాలి. వేసవిలో ఎనిమిది గంటలకి మించి వద్దు, వీలుంటే గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టి నానబెట్టుకోవచ్చు. మూట గుడ్డ మీద నాకు పట్టింపు ఎక్కువ. నిన్నటి మొలకల గుడ్డని కుళాయి కింద జాడించి పిండి ఆరేస్తే సరిపోదు, అయిదు నిమిషాలు నీళ్లలో మరగనివ్వాలి. దాని నేతలో నిన్నటి మొలకల రసం ఆరిపోయి ఉంటుంది. ఆరేడు గంటలకోసారి తాగే నీళ్లతో మొలకల్ని తడిపి వంపేయాలి. ముక్కు బయటికొచ్చి అర సెంటీమీటరు అవగానే ఆపేయడం మేలు, పొడుగు తోకల కోసం ఇంకో రాత్రి ఎదురుచూడటమంటే క్రిములకి ఇంకో రాత్రి ఇవ్వడమే. వెంటనే వండకపోతే ఫ్రిజ్‌లో అయిదు డిగ్రీల లోపు ఉంచాలి. చల్లదనం పెరుగుదలని ఆపుతుంది, అప్పటికే ఉన్నవాటిని చంపదు.

వండటంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, పోపులో. బాణలిలో ఆవాలు చిటపటలాడగానే మొలకలు గుట్టగా వేసి, రెండు సార్లు తిప్పి దించేస్తారు. అడుగున కాలుతుంది, మధ్యలో గోరువెచ్చగా ఉంటుంది. దానికన్నా నీళ్లు తెర్లుతుండగా మొలకలు వేసి, మళ్లీ తెర్లడం మొదలయ్యాక రెండు మూడు నిమిషాలు ఉంచి వార్చేయడం నమ్మకమైన పద్ధతి. ఇడ్లీ పాత్రలో పెట్టాలనుకుంటే పలచగా పరిచి, ఆవిరి బాగా వచ్చాక అయిదారు నిమిషాలు. శనగలైతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, కుక్కర్లో ఒక విజిల్ రానిస్తే గొడవ ఉండదు. పచ్చి వాసన పోయి, వేళ్ల మధ్య నొక్కితే గింజ విరగకుండా మెత్తగా లొంగితే అయిందని గుర్తు. మైక్రోవేవ్ మీద ఆధారపడకండి, అది ఒకచోట మరిగిస్తుంది, పక్కనే చల్లగా వదిలేస్తుంది. వండినవాటిని మళ్లీ పాత గుడ్డలోకో, పచ్చి మొలకలున్న గిన్నెలోకో తీయకూడదు. ఆ తర్వాత ఉల్లి, నిమ్మ, కొత్తిమీర మీ ఇష్టం. మొలకల పెసరట్టు అయితే ఈ గొడవలేవీ లేవు, పలచగా పోసి రెండు వైపులా కాలిస్తే చాలు.

ఉడికిస్తే విటమిన్లు పోతాయి కదా అని తప్పకుండా అడుగుతారు. వంద గ్రాముల పచ్చి పెసర మొలకల్లో విటమిన్ సి దాదాపు 13 మిల్లీగ్రాములు, ఉడికించి వార్చినవాటిలో 11. ఆ పోయిన రెండు మిల్లీగ్రాములు ఒక చిన్న జామకాయ ముక్కలో వచ్చేస్తాయి. పైగా పచ్చి పప్పుగింజల్లో మాంసకృత్తుల అరుగుదలని అడ్డుకునే పదార్థాలు కొన్ని ఉంటాయి, వేడికి అవి తగ్గుతాయి. రాజ్మా విషయం మరీ తీవ్రం. దాన్ని మొలకెత్తించినా సరే, పచ్చిగా గానీ సగం ఉడికించి గానీ తింటే అందులోని లెక్టిన్ వల్ల కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. దీనికి ఏ క్రిమీ అక్కర్లేదు.

మరి శ్రీరామనవమి వడపప్పు సంగతేమిటి? అది కూడా పచ్చిదే కదా. తేడా గడియారంలో ఉంది. పొట్టు తీసిన పెసరపప్పుని గంటో రెండు గంటలో నానబెట్టి, వార్చి, ఆ పూటే పంచేస్తాం. నానబోసినప్పుడు నాలుగు క్రిములుంటే తినేటప్పటికి కొద్దిపాటే పెరుగుతాయి. అలాగని రాత్రే నానబోసి ఉంచి, మర్నాడు మధ్యాహ్నం దాకా పందిట్లో పెట్టే అలవాటు మాత్రం మంచిది కాదు. చైత్రమాసం భిలాయిలో చల్లగా ఉండదు.

గడియారం సంగతి తెలిస్తే పచ్చి సలాడ్ల లెక్క కూడా తేలుతుంది. సుపేలా బజారులో కొన్న ఖీరా మీద పది క్రిములుంటే, ఇంటికి తెచ్చేసరికి కూడా ఇంచుమించు పదే ఉంటాయి. తొక్క చెక్కుచెదరనంత కాలం వాటికి తిండి దొరకదు. ధార కింద చేత్తో రుద్ది కడిగితే తొంభై శాతం పోయి ఒకటి మిగులుతుంది. మొలకల్లో ఓడిపోయిన కడగడం ఇక్కడ గెలుస్తుంది. అందుకే కాయని కోయక ముందే కడగాలి. కడగకుండా కోస్తే కత్తి పైనున్నదాన్ని లోపలి గుజ్జులోకి లాక్కెళుతుంది. చెక్కు తీసే ఖీరా, ముల్లంగి అయినా సరే, ముందు కడుగు, తర్వాతే చెక్కు.

కొత్తిమీర, పుదీనా, పాలకూర నేలకి దగ్గరగా పెరుగుతాయి కాబట్టి వాటితో పని ఎక్కువ. వేళ్లు కోసేసి, కట్ట విప్పి, పెద్ద గిన్నె నీళ్లలో ముంచి ఆడించాలి. తర్వాత ఆకుల్ని చేత్తో పైకి తీయాలి, గిన్నె వంపకూడదు. వంపితే అడుగుకి దిగిన మట్టి మళ్లీ ఆకుల మీదే పడుతుంది. అడుగున ఇసుక కనబడనంత వరకు నీళ్లు మార్చాలి. పచ్చిగా తినేవాటికి లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ నీళ్లు వాడొచ్చు. ఆహారానికి వాడదగినదని రాసి ఉన్న, వాసన నూనెలు కలపని 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్లకి ఒక మిల్లీలీటరు పోస్తే అంతే వస్తుంది. అయిదు నిమిషాలు ఉంచి తాగే నీళ్లతో కడిగేయాలి. మట్టి ఉండగా ఇది పోస్తే వృథా, క్లోరిన్ అంతా ఆ మట్టితోనే ఖర్చయిపోతుంది. నేల కడిగే బ్లీచింగ్ సీసా మాత్రం వంటగదిలోకి తేవద్దు.

కోశాక మళ్లీ గడియారం మొదలవుతుంది. రసం ఊరింది, తిండి దొరికింది. కోసిన ముక్కలు బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, గాలి వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఈ లెక్కన ఏప్రిల్, మే నెలల్లో మా వైపు పెళ్లి విందుల్లో సలాడ్ బల్ల దాదాపు ఎప్పుడూ గడువు దాటే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి ఉల్లి చక్రాలు, ముల్లంగి, బీట్‌రూట్, ఖీరా పువ్వుల్లా కోసి పేరుస్తారు, రాత్రి తొమ్మిదింటికి జనం వడ్డించుకుంటారు. మధ్యలో తాజాగా కనబడాలని నీళ్లు చిలకరిస్తారు, ఐసు ముక్కలు వేస్తారు. ఆ ఐసు ఏ నీళ్లదో ఎవరికీ తెలియదు. నేనైతే అక్కడ నిమ్మకాయ ముక్క తీసుకుని ముందుకు వెళ్లిపోతాను. ఇంట్లో ఇంకో సంగతి చూసుకోవాలి: కోడిమాంసం కోసిన పీట, కత్తి. మాంసం ఎలాగూ ఉడుకుతుంది, అదే పీట మీద కోసిన ఉల్లిపాయ ఉడకదు.

జాగ్రత్త పడ్డా ఒకోసారి జబ్బు వస్తుంది. వచ్చినప్పుడు జనం మొదట తిట్టేది రాత్రి తిన్న గుప్‌చుప్‌నే. సాల్మొనెల్లా అయితే తిన్న ఆరు గంటల నుంచి మూడు రోజుల్లోపు విరేచనాలు, జ్వరం, కడుపులో మెలిపెట్టడం మొదలవుతాయి. షిగా విషం చేసే ఈకోలైకి మూడు నాలుగు రోజులు పడుతుంది. జర్మనీలో ఆ ఓ104 రకానికి సగటున ఎనిమిది రోజులు పట్టింది. గుప్‌చుప్ బండివాడు నిర్దోషి కావడానికి మంచి అవకాశముందన్నమాట.

మామూలు విరేచనాలకి ఓఆర్‌ఎస్ తాగుతూ ఉంటే చాలావరకు తగ్గిపోతుంది. విరేచనంలో నెత్తురు కనిపించినా, మూత్రం తగ్గిపోయినా, మొహం పాలిపోయి వాచినా, పసిపిల్లలూ ముసలివాళ్లూ గర్భిణులూ అయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. నెత్తురు పడుతున్నప్పుడు విరేచనాలు కట్టేసే మాత్ర మందుల షాపులో అడిగి వేసుకోకూడదు, అది విషాన్ని లోపలే ఆపుతుంది. యాంటీబయాటిక్ కూడా సొంతంగా మొదలుపెట్టొద్దు. షిగా విషం చేసే రకాల్లో కొన్ని మందులు క్రిమిని చంపుతూనే అది చివరి ఘడియలో ఎక్కువ విషం వదిలేలా చేస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గడిచిన పది రోజుల్లో పచ్చిగా తిన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పెరుగు వడ మీద చల్లిన మొలకలు, చాట్ మీద వేసిన కొత్తిమీర, పళ్లెం అంచున పెట్టిన ముల్లంగి ముక్క, అన్నీ అందులో ఉండాలి.